పాట ఆగినా తలలో ఆగట్లేదు: నిద్రకు ఎలాంటి సంగీతం వినాలి?

"అక్కా, నమస్తే. నేను మిర్యాలగూడల ఒక రైస్‌మిల్లుల లెక్కలు రాస్త. వయసు 46. రాత్రి పదిన్నరకు పండుకుంట గని, నిద్ర పట్టేసరికి పన్నెండు దాటుతది. యాసంగి వడ్లు మొదలైనప్పటి సంది గిట్లనే ఉంది. మెల్లగ పాటలు పెట్టుకుంటె నిద్ర వస్తదని అందరు అంటే ఫోన్ల పాత సినిమా పాటలు పెట్టుకున్న. వింటున్నంత సేపు మంచిగనే ఉంటది, బంద్ చేసినంక గదే పాట తలకాయల తిరుగుతనే ఉంటది. మాటలుండుడుతోటి గిట్లయితుందేమో అని మా బిడ్డ అవే పాటలు ఫ్లూట్ మీద వాయించినయి పెట్టిచ్చింది. గప్పటి సంది ఇంకింత ఎక్కువైంది. నడుమ నడుమ యాడ్లు వస్తే మా ఇంట్లామె ఉలిక్కిపడి లేస్తుంది. అసలు పెద్దోళ్లకు సంగీతంతోటి నిద్ర వస్తదా, ఊరికె అంటరా? వస్తే ఎంత నెమ్మదిది, ఎసుంటిది వినాలె?"
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

తమ్ముడూ, వస్తుంది. కానీ మొదటి రాత్రే రాదు, ఏ పాటతో పడితే ఆ పాటతో రాదు.

ముందు "ఊరికె అంటరా" అన్నదానికి జవాబు చెప్తాను. నిద్ర పట్టని పెద్దవాళ్ల మీద సంగీతంతో చేసిన పరీక్షలను కోక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థ ఒకచోట చేర్చి 2022లో మరోసారి పరిశీలించింది. అవి 13 పరీక్షలు, పాల్గొన్నవాళ్లు వెయ్యికి పైగా. రోజూ 25 నిమిషాల నుంచి గంట దాకా విన్నారు. నిద్ర ఎలా ఉందో చెప్పడానికి ఒక ప్రశ్నావళి ఉంటుంది. అందులో మార్కులు 0 నుంచి 21 దాకా, ఎక్కువ వస్తే నిద్ర అంత పాడైనట్టు, 5 దాటితే నిద్ర బాగాలేనట్టు లెక్క. సంగీతం విన్నవాళ్ల మార్కులు, విననివాళ్లతో పోలిస్తే, సగటున 3కు కాస్త తక్కువగా దిగాయి. చిన్న మార్పేమీ కాదు అది. అయితే ఆ మార్కులు మనుషులు తమ నిద్ర గురించి తాము చెప్పినవి. తలకు వైర్లు పెట్టి యంత్రంతో కొలిచిన నిద్రలో అంత స్పష్టమైన తేడా దొరకలేదు. నా దృష్టిలో దీన్ని దాచాల్సిన పనీ లేదు, దీనితో నిరాశపడాల్సిన పనీ లేదు. పొద్దున లేచి "రాత్రి మంచిగ పండుకున్న" అని మనిషికి అనిపించడమే మీరడిగే ఫలితంలో సగం.

ఇంకో పరీక్ష మీకు తెలియాలి, ఎందుకంటే మీ ఓపికకు సంబంధించింది. తైవాన్‌లో 60 ఏళ్లు దాటిన వాళ్లతో మూడు వారాల పాటు, పండుకునే ముందు రోజూ 45 నిమిషాలు నెమ్మదైన సంగీతం వినిపించారు. ఫలితం 2005లో అచ్చయింది. మొదటి వారంలో కొంత మేలు, రెండో వారంలో ఇంకొంత, మూడో వారంలో ఇంకొంత కనబడింది. అంటే సంగీతం పని చేసే తీరు అలవాటుతో ముడిపడి ఉంది. ఒకే వేళకు, ఒకే చప్పుడు, ఒకే మంచం. కొన్నాళ్లకు ఆ చప్పుడు వినగానే ఒళ్లు పడకకు సిద్ధమవుతుంది. రెండు రాత్రులు విని "నాకు పనిచెయ్యలే" అని వదిలేసేవాళ్లు ఆ మేలు మొదలుకాకముందే మానేస్తున్నారన్నమాట. రోజుకో కొత్త పాట వెతికేవాళ్లకూ ఇదే ఇబ్బంది.

ఇక మీ తలలో తిరిగే పాట సంగతి. మీ బిడ్డ మంచి ఆలోచనే చేసింది, చాలామందికి తోచేదే అది. మాటలు తీసేస్తే మెదడుకు పని తగ్గుతుందనుకుంటాం. కానీ 2021లో అమెరికాలోని బేలర్ విశ్వవిద్యాలయంలో మైకేల్ స్కల్లిన్ బృందం సరిగ్గా ఇదే పరీక్షించింది. జనానికి బాగా తెలిసిన పాటలను కొందరికి మాటలతో, కొందరికి ఉత్త వాద్యాలతో పండుకునే ముందు వినిపించారు. మాటలు తీసేసిన పాటలే తలలో ఎక్కువగా తిరిగాయి. అలా పాట తిరిగినవాళ్లకు నిద్ర పట్టడం ఆలస్యమైంది, నడుమ మెలకువలూ ఎక్కువయ్యాయి. కారణం ఊహించడం కష్టం కాదు. చిన్నప్పటి నుంచి రేడియోలో విన్న పాట పల్లవి ఫ్లూట్ మీద మోగితే, ఆ మాటలు మన మనసే అందిస్తుంది. చరణం ఎక్కడ మొదలవుతుందో ముందే ఎదురుచూస్తుంది. పాట ఆగిపోయినా మనసు ఆ పని ఆపదు.

కాబట్టి మొదట చేయాల్సింది ఒకటే. పండుకునే వేళ నోటికి వచ్చిన పాటలు బంద్, మాటలున్నా లేకపోయినా. అవి మంచి పాటలని నాకూ తెలుసు, మిల్లు నుంచి ఇంటికి వచ్చే దారిలో హాయిగా వినండి. మంచం మీద వినేదానికి పల్లవి ఉండకూడదు, పాడుకోవడానికి ఏమీ దొరకకూడదు. రాత్రి కథలు, ప్రవచనాలు పెట్టుకుంటే ఎలా ఉంటుందని కూడా చాలామంది అడుగుతారు. హంగరీలో నిద్ర సరిగా లేని విద్యార్థుల మీద చేసిన పరీక్షలో మూడు వారాలు సంగీతం విన్నవాళ్ల నిద్ర మెరుగైంది, చదివి వినిపించిన పుస్తకాలు విన్నవాళ్లకు ఆ మేలు కనబడలేదు. మాట వినబడితే అర్థం వెంట మనసు పోతుంది, మరి.

ఎంత నెమ్మదిది అన్నారు. పరీక్షల్లో ఎక్కువగా వాడింది నిమిషానికి 60 నుంచి 80 దెబ్బల మధ్య నడిచే సంగీతం. ఊరికే కూర్చున్న పెద్దమనిషి గుండె కొట్టుకునే వేగం దాదాపు ఆ దగ్గరే ఉంటుంది. అందుకని గుండె వచ్చి పాటతో జత కట్టేస్తుందని కొందరు రాస్తారు. నేనైతే అంత దూరం పోను. నెమ్మదైన సంగీతంలో శ్వాస నిదానిస్తుంది, ఒంట్లో బిగువు సడలుతుంది, మనసు లెక్కల మీద నుంచి పక్కకు జరుగుతుంది. ఆ మాట వరకు చాలు. 62 మంచిదా 70 మంచిదా అని కొట్టుకోవద్దు. 80 దాటిందా లేదా చూసుకోండి.

చూసుకోవడం సులువు. మొబైల్‌లో స్టాప్‌వాచ్ పెట్టి, పాటకు మీ వేలు సహజంగా తొడ మీద పడే దెబ్బలను 15 సెకన్ల పాటు లెక్కపెట్టి 4తో గుణించండి. 15 సెకన్లలో 17 దెబ్బలు పడితే 68, సరిపోతుంది. 24 పడితే 96, అది పొద్దున వంట చేసుకుంటూ వినాల్సిన పాట. మీరు వింటున్న పాత మెలొడీలను లెక్కపెట్టి చూడండి. నెమ్మదిగా ఉన్నాయనుకున్న వాటిలో కొన్ని 90 దాటతాయి. గొంతు మృదువుగా ఉండేసరికి పాట కూడా నెమ్మదిదే అనిపిస్తుంది.

వేగం కన్నా ఎక్కువమంది గమనించనిది పాట ఎంత చిక్కగా ఉందన్నది. వీణ నేర్పుతాను కాబట్టి దీని మీద కొంచెం ఎక్కువ చెప్తాను. రెండు రికార్డింగులు అనుకుందాం, రెండింటికీ నిమిషానికి 66 దెబ్బలే. మొదటిదాంట్లో ఫ్లూట్, కింద తబలా, పక్కన కీబోర్డు, గంటల్లాంటి చప్పుళ్లు. తాళం 66లోనే ఉంది, కానీ ఒక్కో దెబ్బ పట్టే సమయంలో తబలా మీద నాలుగేసి చిన్న దెబ్బలు పడుతున్నాయి. చెవికి అందేది నిమిషానికి 264 దెబ్బలు. రెండోదాంట్లో ఒక్క ఫ్లూట్, వెనక తంబుర, అంతే. స్వరం మీద స్వరం జారుతూ పోతుంది, ఎక్కడా చటుక్కున తెగదు. రెండింటి వేగం ఒకటే అని కాగితం మీద రాయొచ్చు గానీ, పడుకున్న చెవికి అవి రెండూ ఒకటి కావు. ప్రతి దెబ్బ మొదలయ్యే ఆ పదునైన అంచే మనల్ని కొంచెం కొంచెం లేపుతుంది.

నిద్రకు పనికొచ్చే సంగీతం పలచగా ఉండాలి. ఒకటి రెండు వాద్యాలు, సాగే స్వరాలు, కింది స్థాయి నాదం, చప్పుడు ఒక్కసారిగా పెరగడం తగ్గడం లేకపోవడం. డప్పు, మృదంగం, తబలా, తాళాలు లేకుండా ఉంటే మరీ మంచిది. నిద్ర కోసం జనం చేసుకున్న పాటల జాబితాలను, 2 లక్షలకు పైగా పాటలను, డెన్మార్క్ పరిశోధకులు 2023లో విశ్లేషించారు. మామూలు పాటలతో పోలిస్తే అవి నెమ్మదిగా, మెత్తగా, మాటలు తక్కువగా, ఎక్కువగా అసలు వాద్యాలతో ఉన్నాయి. అయితే ఆ జాబితాల్లో హుషారైన సినిమా పాటల్లాంటివి కూడా ఉన్నాయి. అందరికీ ఒకటే పాట పడదన్నది నిజమే. కానీ మీకు సినిమా పాటలు పడటం లేదని మీ ఉత్తరమే చెబుతోంది కాబట్టి మీరు మొదటి రకం వైపే పోవాలి.

మన దగ్గర ఈ రకం సంగీతానికి కొరత లేదు. రాగాన్ని తాళం లేకుండా నిదానంగా విప్పే ఆలాపన అచ్చం దీనికి సరిపోతుంది. వేణువు, వీణ, సరోద్, సారంగి, ఏదైనా సరే. జోలపాటల రాగమని నీలాంబరికి పేరుంది. మీకది నచ్చితే వినండి, కానీ రాగం పేరు చూసి కాకుండా వాయించిన తీరు చూసి ఎంచుకోండి. అదే నీలాంబరిలో కృతి మృదంగంతో సాగితే మీకు పనికిరాదు.

ఇక్కడ చాలామంది పడే గొయ్యి ఒకటుంది. కచేరీ రికార్డింగ్ పెట్టుకుంటారు, మొదటి పది నిమిషాలు మెత్తగా ఉంటుంది, కళ్లు మూతలు పడతాయి. హిందుస్తానీ సితార్ అయితే ఆలాప్ తర్వాత లయ అందుకునే జోడ్ వస్తుంది, ఆ తర్వాత ఝాలా. ఝాలా అంటే తీగల మీద ధారగా కొట్టే అతి వేగమైన భాగం. మన వీణలో రాగం తర్వాత తానం వస్తుంది, అందులో మీటు గట్టిపడుతుంది, నడక పుంజుకుంటుంది. ఆ తర్వాత కృతి, మృదంగం, చివర చప్పట్లు. అంటే సరిగ్గా మీకు నిద్ర పట్టే వేళకు సంగీతం మేల్కొంటుంది. కాబట్టి ఏ రికార్డింగునైనా మొదటి నిమిషం విని నమ్మవద్దు. పగటిపూట పదో నిమిషం, ఇరవయ్యో నిమిషం, చివరి నిమిషం వినండి. ఆలాపన మాత్రమే ఉన్న 20 నిమిషాల ముక్క దొరికితే దాన్నే రెండుసార్లు తిప్పుకోండి. 40 నిమిషాలవుతుంది, అది చాలు.

టైటిల్లో ఏదో హెర్ట్జ్ అంకె వేసి, గాఢనిద్ర తరంగాలని రాసిన వీడియోలు బోలెడు. ఆ అంకెలను బట్టి ఏదీ ఎంచుకోవద్దు. పలచగా, నెమ్మదిగా ఉంటే వినండి, లేకపోతే వద్దు.

ఆదివారం మధ్యాహ్నం మీ బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని ఒక గంట కేటాయించండి. మూడు నాలుగు రికార్డింగులు తీసుకుని, వేలితో దెబ్బలు లెక్కపెట్టి, నడుమా చివరా విని, ఒక్కటి నిర్ణయించండి. తాళమే లేని ఆలాపనకు లెక్కపెట్టడానికి దెబ్బ దొరకదు. అప్పుడు ఒక స్వరాల వరుస మొదలై ఆగేదాకా మీరు ఒక్కసారి నిదానంగా ఊపిరి తీసి వదలగలుగుతున్నారా చూడండి. వదలగలిగితే అది మీకు సరిపోయే నెమ్మది. ఇంకో గుర్తు: విన్నాక దాన్ని కూనిరాగం తీయగలిగితే అది వద్దు. మీకు ప్రాణమైనదీ వద్దు, విసుగు పుట్టించేదీ వద్దు. ఊరికే "బాగానే ఉంది" అనిపించేది కావాలి.

ఎంచుకున్నదాన్ని ఫోన్‌లోకి దింపేసుకోండి. నెట్ ఆఫ్ చేస్తే యాడ్లు రావు, ఒకటి అయిపోగానే ఇంకో వీడియో దానంతటదే మొదలుకాదు. మీ ఇంట్లామె లేచే బాధ దీనితోనే తీరుతుంది. 45 నిమిషాలకు ఆగిపోయేలా టైమర్ పెట్టి, తెర బోర్లా పెట్టి, ఫోన్‌ను చెయ్యి అందనంత దూరంలో, కాళ్ల వైపు స్టూలు మీద పెట్టండి. ఇయర్‌ఫోన్లు వద్దంటాను. పక్కకు తిరిగితే చెవి నొస్తుంది, వైరు మెడకు చుట్టుకుంటుంది.

సప్పుడు ఎంత అన్నది మీ విషయంలో ప్రత్యేకంగా చెప్పాలి. రోజంతా మిల్లు యంత్రాల మోతలో ఉన్న చెవి రాత్రికి కాస్త మొద్దుబారి ఉండొచ్చు. మీకు "మెల్లగ" అనిపించింది ఇంట్లామెకు గట్టిగా వినబడుతుంది. అందుకని వాల్యూమ్ ఆమెనే పెట్టమనండి. పక్కమంచం నుంచి ఆమె మామూలు గొంతుతో ఒక మాట అంటే పాట మీదుగా మీకు స్పష్టంగా వినబడాలి. ఆ గీత దాటొద్దు. ఎండాకాలం కూలర్ నడుస్తుంటే ఇంకో చిక్కు: కూలర్ మోత మీదుగా వినబడాలని పాటను పెంచుతారు, రెండూ కలిసి గదినిండా సప్పుడవుతుంది. ఆగకుండా ఒకే తీరుగా మోగే కూలరే కొందరికి సంగీతం చేసే పని చేస్తుంది. కాబట్టి కూలర్ వేసుకున్నప్పుడు పండుకునే ముందు అరగంట బయట వరండాలో పాట విని, గదిలోకి కూలర్ దగ్గరికి రండి.

మొదటి వారం పాట లేకుండా, ఆ తర్వాత మూడు వారాలు పాటతో, ఒక చిన్న నోట్‌బుక్‌లో రాయండి. మీరు లెక్కలు రాసే మనిషి, ఇది మీకు చెప్పాల్సిన పని లేదు. మంచమెక్కిన టైము, నిద్ర పట్టడానికి ఎంత సేపు పట్టిందని పొద్దున లేచాక మీకనిపించింది, నడుమ ఎన్నిసార్లు లేచారు, ఎన్నింటికి లేచారు. రాత్రిపూట మాత్రం గడియారం చూడొద్దు, చూసే కొద్దీ నిద్ర దూరమవుతుంది. ఉదాహరణకు మొదటి వారం సగటు 90 నిమిషాలు వచ్చి, నాలుగో వారానికి 50కి దిగితే సంగీతం మీకు పడిందని అర్థం. 85 దగ్గరే ఆగిపోతే పాట మార్చడం కన్నా మిగతావి చూడాలి.

ఆ మిగతావాటిలో మొదటిది పడక వేళ. మీకు నిద్ర వచ్చేదే పన్నెండు తర్వాత అయితే, పదిన్నరకు మంచమెక్కి గంటన్నర దొర్లడం వల్ల మంచమంటేనే మెలకువ అనే అలవాటు పడుతుంది. కొన్నాళ్లు పదకొండున్నరకు పండుకోండి, పొద్దున లేచే టైము మాత్రం ఏ రోజూ మార్చొద్దు. అందాజుగా ఇరవై నిమిషాలు దొర్లినా నిద్ర రాకపోతే లేచి ముందు గదిలో మసక వెలుతురులో కూర్చుని, కళ్లు బరువెక్కినప్పుడే మళ్లీ పోండి. వడ్ల సీజన్‌లో మిల్లులో సాయంత్రం ఆరేడు గంటలకు చాయ్ తాగుతుంటే దాన్ని మధ్యాహ్నానికి జరపండి. చాయ్‌లో ఉండే కెఫీన్ సగానికి తగ్గడానికే దాదాపు ఐదు గంటలు పడుతుంది.

వారంలో మూడు రాత్రులు, అలా మూడు నెలలు నిద్ర పట్టకపోతే దాన్ని దీర్ఘకాలపు నిద్రలేమి అంటారు. దానికి ముందుగా ఇచ్చే వైద్యం, అలవాట్లనూ ఆలోచనలనూ సరిచేసే ఒక పద్ధతి. సంగీతం దానికి తోడుగా ఉండొచ్చు, దాని బదులు కాదు. గట్టి గురకతో పాటు నిద్రలో ఊపిరి ఆగి ఉలిక్కిపడటం, పగలు లెడ్జర్ ముందు తూగడం ఉంటే పాటతో పోయే సమస్య కాదు, డాక్టరుకు చూపించాలి. మీ ఇంట్లామెను గురక గురించి అడగండి, ఆమెకే బాగా తెలుస్తుంది. రెండు వారాలకు పైగా మనసు కుంగి, దేని మీదా ఆసక్తి లేకపోతే టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి, ఖర్చేమీ లేదు, తెలుగులోనే మాట్లాడతారు. మెడికల్ షాపులో చీటీ లేకుండా నిద్రమాత్రలు మాత్రం కొనొద్దు. డాక్టరు దగ్గరికి పోవాల్సి వస్తే ఆ నోట్‌బుక్ వెంట తీసుకుపోండి. ఎన్నాళ్ల నుంచి, ఎంత సేపు, ఏం చేసి చూశారు అని ఆయన అడిగే మొదటి ప్రశ్నలకు అందులోనే జవాబులుంటాయి.